మరిచిన ఆదాయం, సవరించిన రిటర్న్, దానికో ఉత్తరం

ఆదాయపు పన్ను రిటర్న్ వేశాక, అందులో చూపాల్సిన ఆదాయం ఒకటి చూపలేదని కొన్నాళ్లకు తెలుస్తుంది. చాలామందికి అది ఉద్యోగం చేసుకుంటూనే సాయంత్రాలు, ఆదివారాలు విడిగా చేసిన పనికి వచ్చిన డబ్బు. నెల జీతంలా క్రమంగా రాదు, ఫారం 16లో కనపడదు, అందుకే లెక్కలోంచి జారిపోతుంది. దాన్ని సరిదిద్దుకోవడానికి చట్టం రివైజ్డ్ రిటర్న్ వేసే వీలు ఇచ్చింది. అది వేసే ఆడిటర్లలో కొందరు దాంతోపాటు ఒక పేజీ ఉత్తరం కూడా రాయించి సంతకం పెట్టిస్తారు. ఏ ఆదాయం తప్పిపోయింది, ఎందుకు తప్పిపోయింది, ఎప్పుడు తెలిసింది, తెలిశాక ఏం చేశారన్నది అందులో ఉంటుంది.

విచిత్రమేమిటంటే, ఆ ఉత్తరాన్ని జతచేయడానికి ఆదాయపు పన్ను శాఖ పోర్టల్‌లో చోటే లేదు. మన ఐటీఆర్ ఫారాలకు ఏ కాగితమూ జతచేయనక్కర్లేదు, చేయనివ్వరు కూడా. రిటర్న్ నేరుగా బెంగళూరులోని కేంద్రీకృత ప్రాసెసింగ్ కేంద్రానికి వెళ్తుంది. అక్కడ లెక్క చూసేది కంప్యూటరు. దానికి అంకెలు కావాలి గానీ సంజాయిషీ అక్కర్లేదు.

మరి ఆ ఉత్తరం ఎవరి కోసం? ఏడాదికో రెండేళ్లకో ఆ ఫైలు ఒక మనిషి చేతికి వస్తే, ఆ మనిషి కోసం. ఆ రోజున అడిగే ప్రశ్న ‘ఎంత’ అని కాదు, ‘ఎందుకు దాచారు’ అని. దానికి జవాబు రెండేళ్ల తర్వాత గుర్తు తెచ్చుకుని రాయడం వేరు, తప్పు తెలిసిన వారంలోనే తేదీ వేసి రాసిపెట్టుకోవడం వేరు.

చట్టం అడిగేది రెండే

1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 139(5) సెక్షన్ రివైజ్డ్ రిటర్న్ గురించి చెబుతుంది. వేసిన రిటర్న్‌లో ఏదైనా వదిలేసినట్టో, తప్పుగా రాసినట్టో ‘తెలిసివస్తే’ కొత్త రిటర్న్ వేసుకోవచ్చు. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త చట్టం అమల్లోకి వచ్చినా, మనం ఇక్కడ చూడబోయే 2024-25 ఆర్థిక సంవత్సరపు ఆదాయానికి పాత చట్టమే వర్తిస్తుంది. ఆ ఏడాది ఆదాయానికి, అంటే 2025-26 అసెస్‌మెంట్ ఇయర్‌కు, రివైజ్డ్ రిటర్న్ గడువు 2025 డిసెంబరు 31. అంతకుముందే అధికారి మదింపు పూర్తి చేస్తే గడువు అక్కడితో ఆగిపోతుంది.

మదింపు అన్నచోట చాలామంది పొరబడతారు. రిటర్న్ వేసిన కొన్ని వారాలకు 143(1) కింద ‘ఇంటిమేషన్’ అని ఒక మెయిల్ వస్తుంది. అది వచ్చాక ఇక సవరించే వీలు లేదనుకుంటారు. నిజానికి ఆ ఇంటిమేషన్ మదింపు కాదు. రాజేశ్ ఝవేరీ స్టాక్ బ్రోకర్స్ కేసులో సుప్రీంకోర్టు 2007లోనే ఈ సంగతి తేల్చింది. ఇంటిమేషన్ వచ్చినా, గడువు ఉన్నంతవరకు రిటర్న్ సవరించుకోవచ్చు.

ఇక జరిమానా సంగతి. ఆదాయం తక్కువ చూపితే 270ఏ సెక్షన్ కింద ఆ తగ్గిన ఆదాయంపై పడే పన్నులో 50 శాతం జరిమానా వేయవచ్చు. వాస్తవాలు కప్పిపుచ్చారని తేలితే అది 200 శాతం అవుతుంది. అదే సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. ఇచ్చిన వివరణ సదుద్దేశంతో కూడినదని అధికారికి నమ్మకం కలగాలి, దానికి ఆధారమైన ముఖ్య వాస్తవాలన్నీ బయటపెట్టి ఉండాలి. ఉత్తరంలో ఏముండాలో ఈ రెండు షరతులే చెబుతున్నాయి. మొదటిది కారణం, రెండోది పూర్తి లెక్క. ఈ రెండింటికీ పనికిరాని వాక్యం ఏదైనా ఉత్తరంలో బరువే.

ఒక ఇంజనీరు లెక్క

ఒక ఉదాహరణ తీసుకుందాం. విజయవాడలో ఒక నిర్మాణ సంస్థలో పనిచేసే సివిల్ ఇంజనీరు. 2024-25లో జీతం 11,75,000 రూపాయలు. కొత్త పన్ను విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 75,000 పోగా మిగిలింది 11,00,000. దీనిపై పన్ను 65,000, నాలుగు శాతం సెస్సు 2,600, మొత్తం 67,600. అంతా కంపెనీయే జీతంలోంచి కోసి కట్టేసింది. ఆయన 2025 జులై 20న పోర్టల్‌లో ముందే నింపి ఉన్న ఐటీఆర్-1ని ఫారం 16తో సరిచూసి పంపేశారు. ఆగస్టులో ఇంటిమేషన్ వచ్చింది. కట్టాల్సిందేమీ లేదు, తిరిగి రావాల్సిందీ లేదు. లెక్క తేలిగ్గా ఉండాలని పొదుపు ఖాతా వడ్డీ లాంటి చిల్లర ఆదాయాలను పక్కన పెడదాం.

నవంబరు 10న ఇంటి రుణం కోసం బ్యాంకు అడిగితే ఫారం 26ఏఎస్ దింపుకున్నారు. అందులో జీతం కింద ఇంకో వరుస కనిపించింది. ఒక డిజైన్ సంస్థ పేరు, పక్కన 194జే, చెల్లించిన మొత్తం 2,40,000, కోసిన టీడీఎస్ 24,000. జనవరిలోనూ మార్చిలోనూ ఆ సంస్థకు స్ట్రక్చరల్ డ్రాయింగులు వేసిచ్చిన డబ్బు అది. జనవరి-మార్చి త్రైమాసికపు టీడీఎస్ రిటర్న్‌ను మే 31 లోపు వేయాల్సిన ఆ సంస్థ ఆగస్టులో వేసింది. అందుకే జులైలో ముందే నింపిన వివరాల్లో ఆ వరుస లేదు.

ఆ రాత్రే ఆయన ఏడాది మొత్తం బ్యాంకు స్టేట్‌మెంటు తిరగేశారు. ఇళ్లు కట్టుకున్న ముగ్గురికి డ్రాయింగులు వేసిచ్చినందుకు తలా 60,000 చొప్పున 1,80,000 వచ్చినట్టు తేలింది. సొంత ఇంటి కోసం ఇంజనీరుకు ఫీజు ఇచ్చే మామూలు మనిషి ఇంత మొత్తానికి టీడీఎస్ కోయనక్కర్లేదు. కాబట్టి ఆ మూడు చెల్లింపులూ 26ఏఎస్‌లో లేవు, వార్షిక సమాచార పత్రమైన ఏఐఎస్‌లోనూ లేవు.

ఇక్కడే అందరికీ వచ్చే సందేహం ఆయనకూ వచ్చింది. “ఆ మూడూ ఎక్కడా కనపడట్లేదు కదా సార్, సంస్థ ఇచ్చింది మాత్రం చూపిస్తే సరిపోదా?” అని ఆడిటర్ని అడిగారు. “జులైలో మర్చిపోయానంటే నమ్ముతారండీ. ఇవాళ స్టేట్‌మెంటు ముందు పెట్టుకుని వదిలేస్తే దాన్ని మరుపు అనరు” అన్నారు ఆడిటర్ గారు.

ఈ మాటలో అసలు కిటుకు ఉంది. శాఖకు ఇప్పటికే తెలిసిన ఆదాయాన్ని మాత్రమే చూపిన రివైజ్డ్ రిటర్న్, దొరికాక ఒప్పుకున్నట్టు కనిపిస్తుంది. శాఖకు తెలియని 1,80,000 కూడా అందులో ఉంటే, ఆ ఒక్క అంకె సదుద్దేశానికి సాక్ష్యమవుతుంది.

ఇప్పుడు పన్ను. ఇంజనీరింగ్ వృత్తి 44ఏడీఏ సెక్షన్ కిందికి వస్తుంది. ఖర్చుల లెక్కలు రాయకుండా, వచ్చిన మొత్తంలో సగాన్ని ఆదాయంగా చూపి పన్ను కట్టే వీలు అది. అసలు మిగులు సగం కంటే ఎక్కువైతే ఎక్కువే చూపాలి. మన ఇంజనీరుకు సాఫ్ట్‌వేరు లైసెన్సు, ప్లాటరు ప్రింట్లు, సైటుకు తిరుగుళ్లు పోను సగం దాకా మిగిలింది. మొత్తం రాబడి 4,20,000, అందులో సగం 2,10,000.

రాబడి దగ్గర ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. సంస్థ నుంచి బ్యాంకులో పడింది టీడీఎస్ పోగా 2,16,000. స్టేట్‌మెంటు చూసి అదే రాసేస్తారు. రాయాల్సింది కోతకు ముందున్న 2,40,000. కోసిన 24,000 కూడా ఆయన సంపాదనే, పన్ను రూపంలో ముందే కట్టినట్టు లెక్క. 2,16,000 చూపి 24,000 టీడీఎస్ అడిగితే 26ఏఎస్‌తో పొంతన కుదరక, సవరించిన రిటర్న్‌కే మళ్లీ నోటీసు వస్తుంది.

మొత్తం ఆదాయం ఇప్పుడు 13,10,000. దీనిపై పన్ను 1,02,000, సెస్సు 4,080, కలిపి 1,06,080. కంపెనీ కోసిన 67,600, డిజైన్ సంస్థ కోసిన 24,000 తీసేస్తే ఇంకా కట్టాల్సింది 14,480 రూపాయలు.

ఈ బాకీ పది వేలు దాటింది కాబట్టి ముందస్తు పన్ను కట్టి ఉండాల్సింది. కట్టనందుకు 234బీ కింద 2025 ఏప్రిల్ నుంచి కట్టే నెల దాకా నెలకు ఒక శాతం వడ్డీ. నెలలో ఒక్కరోజు గడిచినా నెలగానే లెక్క. నవంబరులో కడితే ఎనిమిది నెలలు. వడ్డీ లెక్కకు మొత్తాన్ని కింది వందకు దించుతారు కాబట్టి 14,400పై 1,152. 44ఏడీఏ ఎంచుకున్నవాళ్లు ముందస్తు పన్నును మార్చి 15 లోపు ఒకే విడతలో కట్టొచ్చు. అది తప్పినందుకు 234సీ కింద ఇంకో 144. మొత్తం 15,776, పదికి సవరిస్తే 15,780. అసలు రిటర్న్ గడువులోనే వేశారు కాబట్టి ఆలస్య రుసుము లేదు, ఆలస్యానికి వేసే 234ఏ వడ్డీ కూడా లేదు.

నవంబరు 14, శుక్రవారం ఆయన పోర్టల్‌లోని e-Pay Tax ద్వారా డబ్బు కట్టారు. అక్కడ అసెస్‌మెంట్ ఇయర్ 2025-26 అని, పన్ను రకం సెల్ఫ్ అసెస్‌మెంట్ అని ఎంచుకోవాలి. చెల్లించే రోజును చూసి 2026-27 నొక్కేవాళ్లున్నారు. అప్పుడు డబ్బు వేరే ఏడాది ఖాతాలో కూర్చుంటుంది, రిటర్న్ మాత్రం బాకీ చూపిస్తుంది. కట్టాక చలానాలోని బీఎస్ఆర్ కోడ్, తేదీ, సీరియల్ నంబరు రిటర్న్‌లో నింపాలి. వృత్తి ఆదాయం ఉన్నవాళ్లకు ఐటీఆర్-1 పనికిరాదు కాబట్టి ఆయన ఈసారి ఐటీఆర్-4 వేశారు. సవరించేటప్పుడు ఫారం మారినా ఫర్వాలేదు. అసలు రిటర్న్ ఎక్‌నాలెడ్జ్‌మెంట్ నంబరు, తేదీ మాత్రం తప్పకుండా రాయాలి. అదే రోజు ఆధార్ ఓటీపీతో ఇ-వెరిఫై చేశారు. 30 రోజుల్లో ఈ పని చేయకపోతే వేసిన రోజును రిటర్న్ తేదీగా లెక్కించరు. అసలే చేయకపోతే రిటర్న్ వేయనట్టే.

ఇదీ ఉత్తరం

సోమవారం, నవంబరు 17న ఆయన ఉత్తరం రాశారు. శాఖకు పంపేది సాధారణంగా ఇంగ్లీషులోనే ఉంటుంది. దాని సారం తెలుగులో ఇలా ఉంటుంది.

> తేదీ: 17-11-2025
>
> ఆదాయపు పన్ను అధికారి గారికి,
> (వార్డు, విజయవాడ)
>
> విషయం: అసెస్‌మెంట్ ఇయర్ 2025-26 — 139(5) కింద 14-11-2025న వేసిన రివైజ్డ్ రిటర్న్ — పాన్ నంబరు ..........
>
> అయ్యా,
>
> 1. నేను ఒక నిర్మాణ సంస్థలో ఉద్యోగిని. పై సంవత్సరానికి 20-07-2025న ఐటీఆర్-1 వేశాను (ఎక్‌నాలెడ్జ్‌మెంట్ నంబరు ..........). అందులో జీతం ఆదాయం 11,00,000 రూపాయలు మాత్రమే చూపాను.
>
> 2. అదే సంవత్సరంలో నేను విడిగా స్ట్రక్చరల్ డ్రాయింగులు వేసి 4,20,000 రూపాయలు సంపాదించాను. ఇందులో 2,40,000 ఒక డిజైన్ సంస్థ నుంచి (టీడీఎస్ 24,000), 1,80,000 ముగ్గురు ఇంటి యజమానుల నుంచి (టీడీఎస్ లేదు). డబ్బంతా నా బ్యాంకు ఖాతాకే వచ్చింది. ఈ ఆదాయం అసలు రిటర్న్‌లో లేదు.
>
> 3. అసలు రిటర్న్‌ను పోర్టల్‌లో ముందే నింపిన వివరాలను ఫారం 16తో మాత్రమే సరిచూసి వేశాను. బ్యాంకు స్టేట్‌మెంటుతో సరిచూడలేదు. డిజైన్ సంస్థ నాలుగో త్రైమాసికపు టీడీఎస్ వివరాలు ఆ తేదీ తర్వాతే 26ఏఎస్‌లో చేరాయి.
>
> 4. 10-11-2025న ఇంటి రుణం కోసం 26ఏఎస్ తీసుకున్నప్పుడు ఈ విషయం గమనించాను. తర్వాత ఏడాది మొత్తం స్టేట్‌మెంటు పరిశీలించి, టీడీఎస్ లేని చెల్లింపులను కూడా గుర్తించాను.
>
> 5. వృత్తి ఆదాయాన్ని 44ఏడీఏ కింద 2,10,000గా చూపి, 14-11-2025న పన్ను, వడ్డీ కలిపి 15,780 చెల్లించి (చలానా వివరాలు ..........), అదే రోజు ఐటీఆర్-4లో రివైజ్డ్ రిటర్న్ వేసి వెరిఫై చేశాను (ఎక్‌నాలెడ్జ్‌మెంట్ నంబరు ..........). సవరించిన మొత్తం ఆదాయం 13,10,000.
>
> 6. ఈ తేదీ వరకు ఈ సంవత్సరానికి సంబంధించి 143(1) ఇంటిమేషన్ తప్ప శాఖ నుంచి నాకు ఏ నోటీసూ రాలేదు.
>
> దయచేసి ఈ ఉత్తరాన్ని, జతచేసిన పత్రాలను రికార్డులో చేర్చవలసిందిగా కోరుతున్నాను.
>
> (సంతకం)
>
> జతచేసినవి: రెండు రిటర్న్‌ల ఎక్‌నాలెడ్జ్‌మెంట్లు, చలానా, 26ఏఎస్ ప్రతి, బ్యాంకు స్టేట్‌మెంటులో సంబంధిత పేజీలు, బిల్లులు, ఆదాయ లెక్క పట్టిక.

ఒక్కో పేరా చేసే పని

ఈ ఉత్తరంలో క్షమాపణ లేదు, వేడుకోలు లేదు. రెండో పేరాలో ‘ఈ ఆదాయం అసలు రిటర్న్‌లో లేదు’ అని ఒక్క ముక్కలో ఒప్పుకున్నారు. అంతకు మించి రాస్తే గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టవుతుంది.

అన్నిటికంటే జాగ్రత్తగా రాయాల్సింది మూడో పేరా. చాలామంది అక్కడ ‘నాకు ఈ ఆదాయం గురించి తెలియదు’ అని రాస్తారు. డబ్బు సొంత ఖాతాలో పడింది, బిల్లు తానే ఇచ్చాడు, తెలియకపోవడమేమిటి? ఆ ఒక్క వాక్యంతో మిగతా ఉత్తరం కూడా నమ్మకం పోగొట్టుకుంటుంది. మన ఇంజనీరు డబ్బు వచ్చిన సంగతి తెలియదనలేదు. రిటర్న్ వేసేటప్పుడు దేనితో సరిచూశారో, దేనితో సరిచూడలేదో చెప్పారు. సంస్థ టీడీఎస్ వివరాలు ఆలస్యమైన సంగతి రాశారు గానీ తప్పును దాని మీదికి నెట్టలేదు. ఆ కారణం 1,80,000కు వర్తించదని ఆయనకూ తెలుసు, చదివే అధికారికీ తెలుసు.

నాలుగో పేరాలో తేదీ ఉంది. తప్పు తెలిసింది 10న, డబ్బు కట్టింది 14న. ఈ నాలుగు రోజుల దూరం ఏ విశేషణం కన్నా గట్టిగా మాట్లాడుతుంది. రుణం దరఖాస్తు, 26ఏఎస్ దింపుకున్న ఫైలు మీది తేదీ దీనికి ఆధారాలు. అందుకే ఆ ఫైలును అలాగే దాచుకోవాలి.

ఆరో పేరా నిజమైతేనే రాయాలి. నోటీసు వచ్చాక కూడా మదింపు పూర్తయ్యేలోపు, గడువులో ఉంటే, సాంకేతికంగా రిటర్న్ సవరించవచ్చు. అయితే అప్పటికి ‘తానే కనుక్కున్నాడు’ అన్న మాట చెల్లడం కష్టం. నోటీసు వచ్చి ఉంటే దాని తేదీ, నంబరు రాసి, దానికి జవాబుగానే ఉత్తరం మొదలుపెట్టాలి. దాన్ని మింగేసి, ‘స్వచ్ఛందంగా’ అని రాస్తే అంతకన్నా పొరపాటు లేదు.

రాయకూడని మాట ఇంకొకటి ఉంది. ‘వివాదం పెంచుకోవడం ఇష్టంలేక, మనశ్శాంతి కోసం ఈ ఆదాయాన్ని అప్పగిస్తున్నాను’ అన్న వాక్యం మన దగ్గర ఎన్నో ఏళ్లుగా నలుగుతోంది. మ్యాక్ డేటా కేసులో ఒక కంపెనీ, అధికారి వివరణ అడిగాక, ఇలాంటి మాటలతోనే ఆదాయం అప్పగించింది. 2013లో సుప్రీంకోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు. ‘స్వచ్ఛందం’, ‘శాంతి కోసం’ లాంటి మాటలు విని అధికారి మెత్తబడనక్కర్లేదని, ఆదాయం దాచారా లేదా అన్నదే చూడాలని తేల్చి జరిమానాను నిలబెట్టింది. ఆ తీర్పు పాత జరిమానా సెక్షన్ కింద వచ్చినా, ఉత్తరం రాసేవాళ్లకు పాఠం అదే. ఆదాయం తనదైతే తనదని రాయాలి. తనది కానిదాన్ని భయపడి అప్పగించినట్టు రాస్తే కారణమూ ఉండదు, లెక్కా ఉండదు.

ఎక్కడ ఇవ్వాలి

పోర్టల్‌లో జతచేసే వీలు లేదు కాబట్టి ఉత్తరం రెండు చోట్ల ఉండాలి. ఒకటి సొంత ఫైలులో, సంతకం, జతపత్రాలతో సహా. రెండోది తన పరిధిలోని అసెసింగ్ ఆఫీసర్ దగ్గర. ఆ అధికారి ఎవరో పోర్టల్ మొదటి పేజీలోని Know Your AO దగ్గర పాన్ నంబరు, మొబైల్ నంబరు ఇస్తే తెలుస్తుంది. కార్యాలయానికి వెళ్లి ఇన్‌వార్డ్‌లో ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోవాలి. వెళ్లలేకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి. ఆ ముద్రో రసీదో లేకపోతే ఉత్తరం ఫలానా రోజున రాశామని చెప్పుకోవడానికి మన మాట తప్ప ఇంకేమీ ఉండదు.

దానికి జవాబు రాదు. రాలేదని కంగారు పడనక్కర్లేదు. అధికారి ఆ ఉత్తరాన్ని ఆమోదించాల్సిన పని లేదు, అది ఆయన్ని కట్టిపడేయదు కూడా. పైగా ఇప్పుడు చాలా మదింపులు ముఖాముఖి లేకుండా సాగుతున్నాయి. ప్రశ్న పంపేది విజయవాడ వార్డు కాకపోవచ్చు, ఎక్కడో ఉన్న ఇంకో అధికారి కావచ్చు. స్థానిక కార్యాలయంలో ఇచ్చిన ఉత్తరం ఆయన ముందు ఉంటుందనుకోకూడదు. నోటీసు వచ్చిన రోజున, ముద్ర పడిన ఆ ప్రతినే స్కాన్ చేసి పోర్టల్‌లో జవాబుకు జతచేయాలి. ఉత్తరానికి అసలు పని అప్పుడే పడుతుంది.

అప్పుడు అధికారి ఉత్తరంలోని అంకెలను రిటర్న్ పక్కన పెట్టి చూస్తారు. ఉత్తరంలో 4,20,000 అని, రిటర్న్‌లో 3,96,000 అని ఉంటే, అంటే టీడీఎస్ కోత సంగతి ఒకచోట మరిచిపోతే, మంచి చేయాల్సిన కాగితమే చెడు చేస్తుంది. అందుకే రిటర్న్ వెరిఫై అయ్యాకే, దాని పీడీఎఫ్ ముందు పెట్టుకుని ఉత్తరం రాయాలి. అప్పుడు రిటర్న్‌లోనే తప్పు కనబడితే గడువులోపు ఇంకోసారి సవరించుకోవచ్చు. ఇన్నిసార్లే అన్న పరిమితి లేదు.

గడువు దాటితే, పాత విధానమైతే

పాత పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకు ఇందులో ఒక చిక్కుంది. జీతం మాత్రమే ఉన్నవాళ్లు రిటర్న్‌లోనే పాత విధానాన్ని ఎంచుకోవచ్చు. వృత్తి ఆదాయం ఉన్నవాళ్లు మాత్రం అసలు రిటర్న్ గడువులోపు, ఆ ఏడాదికి 2025 సెప్టెంబరు 16 లోపు, ఫారం 10-ఐఈఏ విడిగా వేసి ఉండాలి. మరిచిపోయిన డ్రాయింగుల డబ్బు నవంబరులో గుర్తొస్తే ఆ ఫారానికి సమయం మించిపోయి ఉంటుంది. అప్పుడు రివైజ్డ్ రిటర్న్‌లో కొత్త విధానానికి మారాల్సి రావచ్చు, 80సీ, ఇంటి అద్దె లాంటి మినహాయింపులు పోవచ్చు. తేడా వేలల్లో ఉండొచ్చు కాబట్టి, ఇలాంటి కేసులో ఉత్తరం సంగతి తర్వాత, ముందు రెండు విధానాల లెక్కా వేయించుకోవాలి.

డిసెంబరు 31 దాటి ఉంటే మన ఇంజనీరుకు మిగిలే దారి ఐటీఆర్-యూ, అంటే అప్‌డేటెడ్ రిటర్న్. జనవరిలో కడితే వడ్డీ పది నెలలకు చేరి 1,440 అవుతుంది. పన్ను, వడ్డీ కలిపి 16,064. దాని మీద 25 శాతం అదనపు పన్ను 4,016. మొత్తం 20,080. ఇంకా ఆలస్యమైతే ఆ 25 శాతం కూడా పెరుగుతూ పోతుంది.

ఏదీ చేయకుండా ఊరుకుని, శాఖే కనుక్కుంటే? తగ్గించి చూపిన ఆదాయంపై పన్ను సుమారు 38,480. జరిమానా లెక్కలో ముందే కోసిన 24,000 టీడీఎస్‌ను తీసివేయరు. అందులో 50 శాతం అంటే 19,240. దాచారని తేలితే 200 శాతం, 76,960. పన్ను, వడ్డీ ఎలాగూ వేరు.

ఈ ఉత్తరానికి ఒక హద్దు కూడా ఉంది. ఆదాయం ఉందని తెలిసి, పన్ను తప్పించుకోవడానికే వదిలేసి, పట్టుబడతామన్న భయంతో సవరించినవాళ్లకు 139(5) సెక్షన్ రక్షణ కచ్చితంగా దొరుకుతుందన్న నమ్మకం లేదు. ఆ సెక్షన్ పొరపాటును దిద్దుకోవడానికి పుట్టింది. ఎంత బాగా రాసినా ఉత్తరం జరిగినదాన్ని మార్చలేదు, చెప్పగలదంతే. జులైలో ఏం జరిగిందో నిజంగా చెప్పలేని పరిస్థితి ఉంటే, మూడో పేరా రాయకముందే ఒక పన్ను న్యాయవాది దగ్గరికి వెళ్లడం మంచిది. ఒకసారి ముద్ర పడి రికార్డుకెక్కిన వాక్యాన్ని తర్వాత ‘నేనలా అనలేదు’ అని వెనక్కి తీసుకునే వీలుండదు.